పక్షవాత రోగి కథతో సినాప్టిక్ సమస్య: ఏడు రంగుల అభ్యాసం తరగతిలో ఎలా నడపాలి

మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఒకే కథను చాలాచోట్ల ఒకే మాటల్లో చెబుతాయి. కొన్నిచోట్ల విడిపోతాయి, మళ్ళీ కలుస్తాయి. వీళ్ళలో ఎవరి రాత ఎవరు చూశారు, లేదా ముగ్గురి ముందూ ఉన్న పాత రాతలేమిటి అన్న ప్రశ్నకే సినాప్టిక్ సమస్య అని పేరు. దీన్ని ఉపన్యాసంగా చెబితే విద్యార్థులు సిద్ధాంతాల పేర్లు రాసుకుంటారు, పరీక్ష కాగానే మరచిపోతారు. ఒక్క కథను మూడు వరుసల్లో పెట్టి రంగులు వేయిస్తే సమస్యను వాళ్ళే కనిపెడతారు. డిగ్రీ స్థాయి తరగతిలో ఆ పని ఎలా చేయించాలో ఇక్కడ చెబుతున్నాను. గంటన్నర పీరియడ్లు రెండు ఉంటే చాలు.

ఈ అభ్యాసానికి ఒక పరిమితి ఉంది, అది మొదటి నుంచీ మీ మనసులో ఉండాలి. మూడు పాఠాల మధ్య సంబంధం ఉందని రంగులు చూపిస్తాయి. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందన్నది మాత్రం రంగులు చెప్పవు. ఈ తేడా విద్యార్థి చేతికి అందితే ఈ అభ్యాసం చేయించిన పని అయినట్టే.

ఏ కథ తీసుకోవాలి

ముగ్గురిలోనూ ఉన్న కథలు చాలా ఉన్నాయి, కానీ మొదటిసారికి అన్నీ పనికిరావు. ముగ్గురూ దాదాపు ఒకేలా చెప్పిన కథ తీసుకుంటే కాగితం ఒకే రంగుతో నిండిపోయి చర్చకు ఏమీ మిగలదు. మరీ దూరమైన కథ తీసుకుంటే సంబంధమే కనబడదు. నేను ఎంచుకునేది పక్షవాత రోగిని బాగుచేసిన కథ: మార్కు 2:1-12, మత్తయి 9:1-8, లూకా 5:17-26. ఇందులో ఏడు రకాల పోలికలూ దొరుకుతాయి. ముగ్గురూ కలిసేచోటు, ఇద్దరిద్దరుగా కలిసే మూడు తీర్లు, ఒక్కొక్కరూ ఒంటరిగా నిలబడే మూడు తీర్లు, అన్నీ పన్నెండు వచనాల్లోపే ఉన్నాయి. అదనంగా, మూడు పాఠాల మధ్య రాత సంబంధం ఉందనడానికి గట్టి ఆధారమైన వాక్యం కూడా ఇందులోనే ఉంది.

యోహాను సువార్తను ఈ అభ్యాసంలోకి తీసుకురావద్దు. అందులో ఈ కథ లేదు. బేతెస్ద కోనేటి దగ్గర రోగిని బాగుచేయడం వేరే సంఘటన, వేరే చెప్పే తీరు. ఎవరో ఒక విద్యార్థి తప్పకుండా దాన్ని ప్రస్తావిస్తారు. ఆ పోలికను బోర్డు మీద ఓ మూలన రాసి పక్కన పెట్టండి.

కాగితం తయారు చేయడం

పెద్ద కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు నిలువు వరుసలు గీయండి. ఎడమన మత్తయి, మధ్యలో మార్కు, కుడివైపు లూకా. మార్కు మధ్యలో ఉంటే రెండు పక్కలా చూడటం తేలిక. అయితే విద్యార్థులు దాన్ని మీరిచ్చిన సూచనగా తీసుకోకుండా, వరుస కేవలం చూపు సౌకర్యం కోసమేనని ముందే చెప్పండి.

వచన సంఖ్యలు ఉంచండి. బైబిలు ప్రచురణకర్తలు పెట్టిన శీర్షికలు, అడుగున ఉండే సమాంతర వచనాల సూచికలు తీసేయండి. వాక్యాల మధ్య బాగా ఖాళీ వదలండి, గీతలు గీయడానికి చోటు కావాలి. మూడు పాఠాలను వాక్యానికి వాక్యం ఎదురెదురుగా అమర్చి ఇవ్వకండి. ఏ వాక్యం ఏ వాక్యానికి జోడీ అన్నది కూడా ఒక నిర్ణయమే, ఆ నిర్ణయం విద్యార్థులదే కావాలి. అచ్చులో దొరికే సమాంతర సువార్తల పుస్తకాలు ఆ అమరికను ముందే చేసిపెడతాయి. 1776లో జర్మన్ పండితుడు గ్రీస్‌బాఖ్ మూడింటినీ పక్కపక్కన అచ్చువేసిన కాలం నుంచీ ఉన్న పద్ధతే అది. అలాంటి పుస్తకం రెండో పీరియడ్‌లో పోల్చి చూసుకోవడానికి బాగుంటుంది.

ఇక అనువాదం సంగతి. ఎక్కువమంది అభ్యాసాలు చెడేది ఇక్కడే. విద్యార్థులకు గ్రీకు రాకపోతే అనువాదం మీదే పనిచేయాలి, కానీ గ్రీకులో ఒకే మాట ఉన్నచోట అనువాదకుడు రెండు చోట్ల రెండు మాటలు వాడి ఉండవచ్చు, వేరు మాటలున్నచోట ఒకే మాట వాడి ఉండవచ్చు. అప్పుడు విద్యార్థి రంగులు వేసేది సువార్తకు కాదు, అనువాదకుడి అలవాటుకు. భావానికి ప్రాధాన్యమిచ్చే వాడుక అనువాదాలు ఈ పనికి అస్సలు వద్దు. మూడు పాఠాలూ ఒకే అనువాదం నుంచి తీసుకోండి, అది వీలైనంత మాటకు మాట ఉండేది కావాలి. మీకు గ్రీకు కొంత వచ్చినా, గ్రీకు తెలిసిన సహోద్యోగి ఉన్నా, ఈ ఒక్క కథకు సొంతంగా అనువాదం చేసుకోవడం ఇంకా మేలు. నియమం ఒక్కటే: గ్రీకులో ఒకే మాట అయితే తెలుగులోనూ ఒకే మాట, వేరైతే వేరు. తెలుగు అందంగా లేకపోయినా ఫరవాలేదు.

ఉదాహరణకు, రోగి పడుకున్న వస్తువుకు మార్కు వాడిన గ్రీకు మాట క్రాబత్తోస్. పేదవాళ్ళు వాడే పలుచని పడక అని దాని అర్థం. మత్తయి వాడింది క్లీనే, అంటే మంచం. లూకా మొదట క్లీనే అని, తర్వాత క్లినీదియోన్, అంటే చిన్న మంచం అని అంటాడు. మన కాగితం మీద వీటిని పడక, మంచం, చిన్న మంచం అని వేరు చేసి ఉంచాలి. మూడింటికీ "పరుపు" అని రాసేస్తే ఈ అభ్యాసంలో అతి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి మాయమైపోతుంది.

రంగులు, గీతలు

రంగులు యాదృచ్ఛికంగా ఎంచుకోకండి. మత్తయికి నీలం, మార్కుకు ఎరుపు, లూకాకు పసుపు ఇవ్వండి. ఇవి ఒక్కొక్కరికే ప్రత్యేకమైన మాటలకు. ఇద్దరు కలిసినచోట ఆ రెండు రంగులూ కలిస్తే వచ్చే రంగు వాడండి: మత్తయి, మార్కు కలిస్తే ఊదా, మార్కు, లూకా కలిస్తే నారింజ, మత్తయి, లూకా కలిస్తే ఆకుపచ్చ. ముగ్గురూ కలిస్తే గోధుమ రంగు. ఈ పద్ధతిలో పట్టిక చూడకుండానే రంగు ఎవరిదో గుర్తుంటుంది. పసుపు పెన్సిల్ తెల్ల కాగితం మీద సరిగా కనబడదు, కాబట్టి లూకా కోసం మాటల మీద రుద్దే మార్కర్ పెన్ ఇవ్వండి. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉండొచ్చు. అందుకే ఊదాకు గుండ్రటి చుట్టు, నారింజకు అలల గీత, ఆకుపచ్చకు చదరపు పెట్టె అని రూపం కూడా జత చేయండి.

మాట అచ్చంగా ఒకటే అయితే నిండు గీత. మాట ఒకటే కానీ రూపం మారితే, అంటే "ఎత్తుకో" ఒకచోట, "ఎత్తుకుని" ఇంకోచోట ఉంటే, అదే రంగులో తెగిన గీత. భావం ఒకటే, మాట వేరు అయితే పోలిక లెక్క కాదు, అది ఒంటరి మాటే. ఈ చివరి నియమం దగ్గర విద్యార్థులు గట్టిగా వాదిస్తారు. "అర్థం ఒకటే కదా సార్" అంటారు. మాటలు కలవడమూ, సంగతి కలవడమూ వేరని అక్కడే చెప్పాలి. ఒకే సంఘటన చూసిన ఇద్దరు ఒకే సంగతి చెప్పడం సహజం. మనకు వివరణ కావలసింది మాటలు ఎందుకు కలిశాయన్నదానికి.

రంగులు వేసే వరుస కూడా ముఖ్యం. ముందు ముగ్గురిలోనూ ఉన్నవి, తర్వాత ఇద్దరిలో ఉన్నవి, చివరన మిగిలినవి. ఈ వరుస తప్పితే ఇద్దరిదని ఊదా వేశాక అది లూకాలోనూ ఉందని తేలుతుంది, దిద్దుబాట్లతో కాగితం పాడవుతుంది. ముగ్గురేసి విద్యార్థుల జట్లుగా చేసి, ఒక్కొక్కరికి ఒక సువార్త బాధ్యత ఇవ్వండి. ఒకరు తమ వరుసలోని మాటను పైకి చదివితే మిగిలిన ఇద్దరూ తమ వరుసలో వెతుకుతారు. ఇలా చేస్తే ముప్పై, నలభై నిమిషాల్లో పూర్తవుతుంది.

ఒక వాక్యాన్ని కలిసి చేయడం

జట్లకు వదిలే ముందు ఒక్క వాక్యాన్ని బోర్డు మీద మీరే చేసి చూపండి. కథ నడుమ వచ్చే వాక్యం తీసుకోండి. మాటకు మాట తెలుగులో పెడితే ఇలా ఉంటుంది.

మత్తయి 9:6: "భూమి మీద పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి ఉందని మీరు తెలుసుకునేలా" – అప్పుడు పక్షవాత రోగితో అంటున్నాడు – "లేచి నీ మంచం ఎత్తుకో, నీ ఇంటికి వెళ్ళు."

మార్కు 2:10-11: "భూమి మీద పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి ఉందని మీరు తెలుసుకునేలా" – పక్షవాత రోగితో అంటున్నాడు – "నీతో చెబుతున్నాను, లే, నీ పడక ఎత్తుకో, నీ ఇంటికి వెళ్ళు."

లూకా 5:24: "భూమి మీద పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి ఉందని మీరు తెలుసుకునేలా" – పక్షవాతం వచ్చినవాడితో అన్నాడు – "నీతో చెబుతున్నాను, లే, నీ చిన్న మంచం ఎత్తుకుని నీ ఇంటికి సాగిపో."

మొదటి భాగమంతా గోధుమ రంగు. "పక్షవాత రోగి", "అంటున్నాడు", "వెళ్ళు" అన్నవి మత్తయి, మార్కులకే ఉమ్మడి, కాబట్టి ఊదా. లూకా "పక్షవాతం వచ్చినవాడు" అని గ్రీకులో వేరే రూపం వాడాడు. "నీతో చెబుతున్నాను" మార్కు, లూకాలది, నారింజ. "లే" కూడా అంతే, ఎందుకంటే మత్తయిలో అది "లేచి" అని ఉంది, ఆ తేడాకు తెగిన గీత వేయాలి. మంచానికీ, చిన్న మంచానికీ మధ్య తెగిన ఆకుపచ్చ గీత. పడక ఒక్కటే ఎరుపు.

ఇప్పుడు రంగులు పక్కనపెట్టి ఈ వాక్యం ఎలా నిర్మించారో చూడమనండి. యేసు శాస్త్రులతో మాట్లాడుతూ వాక్యం మొదలుపెడతాడు. "మీరు తెలుసుకునేలా" అన్నాక ఆ వాక్యం పూర్తికాదు. కథకుడు మధ్యలో దూరి "రోగితో అంటున్నాడు" అంటాడు, మాట రోగి వైపు తిరుగుతుంది. ఆ తెగిన వాక్యం, ఆ చొరబాటు ముగ్గురిలోనూ అదే చోట ఉన్నాయి.

"ముగ్గురూ ఆ మాటలు విన్నవాళ్ళ నుంచే తెలుసుకుని ఉండొచ్చు కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు, అది మంచి ప్రశ్నే. యేసు మాటలను సాక్షులు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంచుకుని ఉండవచ్చు, దాన్ని కొట్టిపారేయకండి. కానీ "రోగితో అంటున్నాడు" అన్నది యేసు అన్న మాట కాదు. అది ఆ రోజు అక్కడ ఎవరి నోటా వినబడలేదు. అది కథ చెప్పినవాడి మాట. తెగిన వాక్యంలో అదే చోట ముగ్గురు కథకులు వేరువేరుగా ఇలాగే దూరడం నమ్మశక్యం కాదు. అందుకే మెజారిటీ పండితులు ఇక్కడ రాతపూర్వకమైన సంబంధం చూస్తారు. స్థిరపడిన మౌఖిక కథనం నుంచే ముగ్గురూ తీసుకున్నారని వాదించేవారూ ఉన్నారు, కానీ ఈ వాక్యానికి వాళ్ళు కూడా వివరణ ఇవ్వాల్సి ఉంటుంది.

విశ్వాసులైన విద్యార్థులు కొందరికి ఇక్కడ అసౌకర్యం కలగవచ్చు. లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాల్లోనే, తనకంటే ముందు చాలామంది ఇలాంటి వృత్తాంతాలు రాయడానికి పూనుకున్నారనీ, తాను అన్నిటినీ మొదటి నుంచీ పరిశీలించి వరుసగా రాస్తున్నాననీ చెప్పాడు. పాత రాతలు చూసుకుని రాయడమన్న ఆలోచన బయటివాళ్ళు తెచ్చిపెట్టింది కాదని ఆ నాలుగు వచనాలు చదివించి ముందుకు సాగండి.

రంగులు వేశాక ఏం చదవాలి

కాగితాలు నిండాక గోడకు అంటించి, ముందు వివరణలు వద్దు, కనిపించినది మాత్రమే చెప్పమనండి. "మత్తయి కత్తిరించాడు", "మార్కు పెంచాడు" లాంటి మాటలు ఈ దశలో నిషేధించండి. ఎవరైనా కత్తిరించాడంటే, ముందు పెద్దదాన్ని చూశాడని ఒప్పుకున్నట్టే. "మత్తయిలో ఇది లేదు" అని మాత్రమే చెప్పాలి. మొదట కష్టంగా ఉంటుంది కానీ, మిగతా చర్చంతా ఈ క్రమశిక్షణ మీదే నిలబడుతుంది.

సరిగ్గా చేసిన కాగితం మీద కనబడేవి ఇవి. గోధుమ రంగు ఎక్కువగా సంభాషణల మధ్య, ముఖ్యంగా యేసు మాటల చుట్టూ ఉంటుంది. కథ మొదట, చివర ఒంటరి రంగులు ఎక్కువ: మార్కు కపెర్నహూములోని ఇంట్లో మొదలుపెడతాడు, మత్తయి పడవ దిగి సొంత ఊరికి వచ్చాడంటాడు, లూకా గలిలయ, యూదయ, యెరూషలేముల నుంచి వచ్చిన పరిసయ్యులను కూర్చోబెడతాడు. పైకప్పు సంగతి మార్కు, లూకాల్లో ఉంది, మత్తయిలో లేదు. మార్కులో రోగిని మోసుకొచ్చినవాళ్ళు పైకప్పును తవ్వి అతన్ని దింపుతారు, లూకాలో పెంకుల గుండా దింపుతారు, కాబట్టి అక్కడ నారింజ తక్కువ, ఎరుపు, పసుపు ఎక్కువ. "దేవుడొక్కడు తప్ప పాపాలు ఎవరు క్షమించగలరు" అన్న ప్రశ్న కూడా మత్తయిలో లేదు. యేసు రోగిని "కుమారుడా" అని పిలవడం మత్తయి, మార్కుల్లో ఉంది. లూకాలో అది "మనిషీ" అని ఉంది.

ఇప్పుడు ఊదా, నారింజ, ఆకుపచ్చల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని అడగండి. ఊదా, నారింజ ధారాళంగా ఉన్నాయి. ఆకుపచ్చ కొంచెమే. అంటే మత్తయి, లూకాలు కలిసేది చాలావరకు మార్కు ద్వారానే. మార్కుతో మత్తయి విడిపోయినచోట సాధారణంగా లూకా మార్కుతో ఉంటాడు, లూకా విడిపోయినచోట మత్తయి ఉంటాడు. ఇద్దరూ కలిసి మార్కుకు ఎదురు నిలబడటం అరుదు. మార్కు ఈ ముగ్గురి మధ్య లంకె అన్నది రంగులు చెప్పే మాట.

ఇక్కడ తరగతి అంతా ఉత్సాహంగా "అయితే మార్కే మొదట రాశాడు" అంటుంది. ఇక్కడే ఆపండి. బోర్డు మీద మూడు బొమ్మలు గీయండి. ఒకటి, మార్కు మొదట, అతని నుంచి మత్తయి, లూకా ఇద్దరూ తీసుకున్నారు. రెండు, మత్తయి మొదట, మత్తయి నుంచి మార్కు, మార్కు నుంచి లూకా. మూడు, మత్తయి, లూకా ముందే ఉన్నారు, మార్కు ఇద్దరినీ ముందు పెట్టుకుని ఒకసారి ఒకరిని, ఒకసారి మరొకరిని అనుసరించాడు. ఈ మూడో దాన్ని గ్రీస్‌బాఖ్ 18వ శతాబ్ది చివర ప్రతిపాదించాడు, 1964లో విలియం ఫార్మర్ మళ్ళీ బలంగా ముందుకు తెచ్చాడు. మూడు బొమ్మల్లోనూ మార్కు లంకెగానే ఉంటాడు. మన కాగితం ఈ మూడింటికీ సరిపోతుంది. 19వ శతాబ్దంలో చాలామంది ఈ లంకె పాత్ర నుంచి నేరుగా మార్కు ప్రాథమ్యానికి దూకారు, ఆ దూకుడులోని తర్కలోపాన్ని తర్వాతివాళ్ళు ఎత్తిచూపారు. మీ విద్యార్థులు అదే దూకుడు దూకడం వాళ్ళ తెలివితక్కువతనం కాదు, ఈ ఆధారం మనిషిని సహజంగా అటు తోస్తుంది.

ఆకుపచ్చను వదిలేయవద్దు

కొంచెమే అన్నాను కానీ ఆకుపచ్చ ఉంది. మత్తయి, లూకాల్లో రోగి ప్రవేశం "ఇదిగో" అన్న మాటతో మొదలవుతుంది, మార్కులో ఆ మాట లేదు. ఇద్దరిలోనూ రోగి "మంచం మీద" ఉన్నాడు. చివరన ఇద్దరిలోనూ అతను "తన ఇంటికి వెళ్ళిపోయాడు", ఇది గ్రీకులో వరుసగా అవే మాటలు. మార్కులో అతను అందరి ముందూ బయటికి వెళ్ళాడని మాత్రమే ఉంది. జనం భయపడటం కూడా ఇద్దరిలోనే ఉంది, తెగిన గీతతో.

మత్తయి, లూకాలు ఒకరినొకరు చూడకుండా మార్కును మాత్రమే చూసి ఉంటే ఇవి ఎలా వచ్చాయి? ప్రతి జట్టునూ ఒక్కో వివరణ ఎంచుకుని వాదించమనండి. "తన ఇంటికి వెళ్ళాడు" అన్నది "ఇంటికి వెళ్ళు" అన్న ఆజ్ఞ నుంచి ఎవరికైనా సహజంగా వచ్చే మాట, ఇద్దరికీ విడివిడిగా తట్టి ఉండవచ్చు. క్రాబత్తోస్ నాసిరకం మాటగా తోచి ఇద్దరూ మంచిమాట వేసి ఉండవచ్చు. తర్వాతి లేఖకులు ఒక సువార్తను రాస్తూ మరొకదాన్ని గుర్తుచేసుకుని పోలికలు పెంచి ఉండవచ్చు. లేదా లూకా మత్తయిని కూడా చూసి ఉండవచ్చు. ఒక్కొక్క పోలికను విడిగా తీసుకుంటే యాదృచ్ఛికమనిపిస్తుంది, ఒకే చిన్న కథలో ఇన్ని కలిస్తే ఆ మాట అనడం కష్టమవుతుంది. ఇటు చూస్తే, గ్రీస్‌బాఖ్ చిత్రానికి కూడా ఇబ్బంది ఉంది: మార్కు ఇద్దరినీ చూసి రాస్తే, ఇద్దరూ ఏకమైన ఈ మాటలనే ఎందుకు వదిలాడు?

మార్కు లేనిచోట ఆకుపచ్చ

రెండో పీరియడ్‌ను చిన్న పాఠంతో మొదలుపెట్టండి: మత్తయి 3:7-10, లూకా 3:7-9. "సర్పసంతానమా" అంటూ బాప్తిస్మమిచ్చు యోహాను గద్దించే మాటలు. మార్కులో ఇవి లేవు, కాబట్టి ఒకే రంగు కావాలి. యోహాను మాటల వరకు చూస్తే కాగితం దాదాపు పూర్తిగా పచ్చబడుతుంది. గ్రీకులో అరవై పైచిలుకు మాటల్లో తేడాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: ఫలం ఒకచోట ఏకవచనం, మరోచోట బహువచనం, "అనుకోవద్దు" అన్నచోట "మొదలుపెట్టవద్దు", లూకాలో అదనంగా ఒక "కూడా". వినేవాళ్ళు మాత్రం మారారు. మత్తయిలో పరిసయ్యులు, సద్దూకయ్యులు, లూకాలో జనసమూహం.

ఇంత దగ్గరి పోలిక మార్కు ద్వారా రాలేదు. ఇద్దరికీ ముందు మరో పాత రాత ఉందనీ, అది ఇప్పుడు మనకు దొరకదనీ ఒక వివరణ. దానికే పండితులు క్యూ అని పేరు పెట్టారు. మార్కు, క్యూ రెండూ ఆధారాలు అన్న ఈ చిత్రాన్ని 1924లో స్ట్రీటర్ పుస్తకం బాగా స్థిరపరచింది, ఇప్పటికీ ఎక్కువమంది అనుసరించేది ఇదే. లూకా నేరుగా మత్తయిని చదివాడు, క్యూ అవసరం లేదు అన్నది 1955లో ఆస్టిన్ ఫారర్ వాదన. క్యూ ప్రతి ఏదీ ఇంతవరకు దొరకలేదని స్పష్టంగా చెప్పండి. కొన్ని పాఠ్యపుస్తకాలు దాన్ని బీరువాలో ఉన్న పుస్తకంలా ప్రస్తావిస్తాయి. అది పోలికల నుంచి మనం ఊహించుకున్న రాత.

దిశ కోసం మరో రకం ఆధారం

రంగులు దిశ చెప్పవు కనుక, దిశ చెప్పే చోటు ఒకటైనా చూపించకపోతే విద్యార్థి "ఏదైనా కావచ్చు" అనుకుని వెళ్ళిపోతాడు. అందుకు నేను వాడేది యోహాను శిరచ్ఛేదం కథ: మార్కు 6:14-29, మత్తయి 14:1-12. ఇక్కడ రంగులు అక్కర్లేదు. హేరోదును ఏమని పిలిచారు, యోహానును చంపాలనుకున్నది ఎవరు అన్న రెండు ప్రశ్నలకు ప్రతి వచనంలోనూ జవాబు రాయించండి.

మార్కు మొదటి నుంచీ "రాజు" అంటాడు. నిజానికి హేరోదు అంతిపకు రాజు బిరుదు లేదు, అతను చతుర్థాధిపతి. మత్తయి మొదటి వచనంలో ఆ సరైన బిరుదే వాడతాడు, కానీ 9వ వచనానికి వచ్చేసరికి "రాజు" అంటాడు. మార్కులో యోహానును చంపాలని కోరింది హేరోదు భార్య హేరోదియ. హేరోదు అతన్ని నీతిమంతుడని భయపడి కాపాడుతుంటాడు. అందుకే యోహాను తల కావాలని హేరోదియ కూతురు అడిగినప్పుడు రాజు దుఃఖపడటం అర్థవంతంగా ఉంటుంది. మత్తయి 5వ వచనంలో చంపాలనుకున్నది హేరోదే, జనానికి భయపడి ఆగాడు. అయినా 9వ వచనంలో రాజు దుఃఖపడ్డాడు. చంపాలని కోరుకున్నవాడికి దుఃఖమెందుకు?

మత్తయి మార్కును ముందు పెట్టుకుని, మొదట్లో తన తీరుకు తగ్గట్టు మార్చి, కథ సాగేకొద్దీ మార్కు మాటల్లోకి జారాడనుకుంటే రెండు చిక్కులూ ఒకేసారి విడిపోతాయి. తిరుగుదిశలో, మార్కు మత్తయిని చూశాడనుకుంటే, మార్కు ఈ పొసగనితనాన్ని గమనించి కథంతా సరిచేసి, అదే సమయంలో సరైన బిరుదును మాత్రం తప్పుగా మార్చాడని చెప్పాలి. అది అసాధ్యం కాదు, కానీ ఎక్కువ పని చేయాల్సిన వివరణ. ఇలాంటి చోట్లు చాలా పోగైతే మార్కు ప్రాథమ్యం బలపడుతుంది. ఒక్క చోటుతో తేల్చలేం.

ఈ చూపుతో మొదటి కథకు తిరిగి వెళ్ళి, మత్తయిలో "వారి విశ్వాసం చూసి" అన్న మాటను చూడమనండి. పైకప్పు లేని మత్తయిలో, మోసుకొచ్చినవాళ్ళు విశ్వాసం చూపిన పని ఏది? రోగిని తేవడమే విశ్వాసమని ఒక విద్యార్థి అంటే అది సరైన అభ్యంతరమే, ఒప్పుకోండి. హేరోదు కథంత బిగువుగా ఈ ఆధారం లేదని, రెండింటి బలంలో తేడా ఎంతో వాళ్ళే రాయాలి.

మార్కులు వేయడం, తర్వాతి పాఠం

రాతపనిగా ఒకే ప్రశ్న ఇవ్వండి: మీ కాగితం మీది మూడు ఆధారాలు తీసుకుని, ఒక్కొక్కటి ఏ చిత్రాలకు సరిపోతుందో, దేనికి ఇబ్బందో రాయండి. ఏ సిద్ధాంతాన్ని సమర్థించారన్నదానికి మార్కులు వద్దు. వచనం చూపకుండా "పండితులు అంటారు" అని రాస్తే తగ్గించండి. తాను ఎంచుకున్న చిత్రానికి ఎదురు నిలిచే ఒక్క ఆధారమైనా నిజాయితీగా రాసినవారికి ఎక్కువ ఇవ్వండి.

బాగా చేసిన జట్లకు ఇంటిపనిగా ఆవగింజ ఉపమానం ఇవ్వవచ్చు: మత్తయి 13:31-32, మార్కు 4:30-32, లూకా 13:18-19. అక్కడ మత్తయి వరుసలో ఊదా, ఆకుపచ్చ ఒకే వాక్యంలో అల్లుకుని కనబడతాయి. విత్తనాలన్నిటిలో చిన్నదన్న మాట మార్కుతో, ఒక మనిషి తీసుకుని వేశాడన్నదీ చెట్టు అయిందన్నదీ లూకాతో కలుస్తాయి. పైగా లూకాలో దీని వెంటనే వచ్చే పులిసిన పిండి ఉపమానం మత్తయిలోనూ వెంటనే వస్తుంది, మార్కులో అసలు లేదు. మార్కు, క్యూ రెండింటిలోనూ ఈ ఉపమానం ఉందని, మత్తయి రెండింటినీ కలిపాడని ఒక వివరణ. లూకా మత్తయిని చూసి మార్కు మాటలు వదిలాడని మరొకటి. పక్షవాత రోగి కథతో మార్కే అందరికీ లంకె అని నిశ్చయించుకున్న జట్టుకు ఈ కాగితం కొత్త లెక్క పెడుతుంది, ఎందుకంటే ఇక్కడ మధ్యలో నిలబడేది మత్తయి.